బావమరిది చెప్పిన షేరు కొనే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లోని ఒక లిస్టెడ్ కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేసే మీ బావమరిది, దసరా పండుగకు మిర్యాలగూడ వచ్చి, "బావా, ఈ మూడు నెలల్లో మా లాభం రెట్టింపైంది, ఇప్పుడే కొనిపెట్టుకో" అన్నాడనుకోండి.

ఆర్డర్ పెట్టే ముందు ఆ సంగతి స్టాక్ ఎక్స్ఛేంజీలో ప్రకటించారో లేదో చూడాలి. ప్రకటించకపోతే కొనకూడదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం, షేరు ధరను గణనీయంగా కదిలించగల, ఇంకా బయటకు రాని సమాచారం చేతిలో ఉన్నవారెవరైనా, ఆ కంపెనీ గడప తొక్కకపోయినా, ఇన్‌సైడరే అవుతారు. అలాంటి సమాచారంతో షేరు కొంటే చట్టంలోని కనీస జరిమానా 10 లక్షల రూపాయలు. పది షేర్లే కదా అనే వాదన చెల్లదు. చెప్పినవాడిదీ తప్పే కనుక ఆ మాటను వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి.

తేదీలు కూడా సరిచూసుకోవాలి. త్రైమాసికం సెప్టెంబరు 30న ముగిసి, ఫలితాలు అక్టోబరు 24న వస్తే, అక్టోబరు 1 నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల వరకు అతనికి ట్రేడింగ్ విండో, అంటే సొంత కంపెనీ షేర్లు కొనే, అమ్మే వీలు, మూసే ఉంటుంది. అంటే తాను కొనలేని రోజున మిమ్మల్ని కొనమంటున్నాడన్నమాట.

మార్కెట్ వేళల్లో బోర్డు సమావేశం ముగిస్తే 30 నిమిషాల్లో కంపెనీ ఫలితాలను ఎక్స్ఛేంజీకి పంపాలి. అవి NSE, BSE సైట్లలో Corporate Announcements కింద సమయంతో సహా కనిపిస్తాయి. ఆ సమయం చూశాకే ఆర్డర్ పెట్టండి.