ఇటాలియన్ సాక్షి వాంగ్మూలం ఇంగ్లిష్‌లోకి: సాక్షి తడబాటు ఎక్కడ మాయమవుతోంది? (సమస్య - పరిష్కారం)

బార్ బయట గొడవ, సాక్షి మాటలు ఆడియోలో ఉన్నాయి, మనం ఇంగ్లిష్ చెయ్యాలి అనుకోండి. సాక్షి ఇలా అంటాడు (నేను అల్లిన ఉదాహరణే): "సరన్నో స్తాతె లె ఉందిచి, బొ... చొయె, నోన్ ఓ గ్వార్దాతో లొరోలోజో. చెరానో క్వాత్రో గాత్తి. పోయి ఆ ఉర్లాతో. సెకొందో ఇల్ బరీస్తా లవ్రెబ్బె స్పింతో క్వెల్లో కోల్ జుబ్బోత్తో, ఎ పోయి సరెబ్బె స్కప్పాతో."

సమస్య: ఇంగ్లిష్‌లో సాక్షి టైమ్ ఖచ్చితంగా చెప్పేసినట్టుంది

"ఇట్ వాజ్ ఎలెవెన్" అని రాసేశారు. కారణం ఏంటంటే "సరన్నో స్తాతె" చూడ్డానికి భవిష్యత్ కాలమే గానీ ఇక్కడ పని చేసేది అంచనాగా, మనం "పదకొండు అయ్యుంటుంది" అంటాం చూడండి, అచ్చం అదే, మనదీ భవిష్యత్ రూపమే కదా. "ఇట్ మస్ట్ హావ్ బీన్ ఎలెవెన్" అని రాస్తే సరిపోతుంది. ముందు "అబౌట్" తగిలించొద్దు, అక్కడ ఆ అర్థమిచ్చే "వెర్సో" లేదు, లేని సందేహం కలపడం కూడా తప్పే.

"బొ" అంటే మన "ఏమో". దీన్ని "ఐ డోన్ట్ నో" అని నిండుగా రాస్తే ప్రశ్నకి జవాబు తెలియదన్నట్టు రికార్డులో పడుతుంది, "డనో" చాలు. "చొయె"ని డిక్షనరీ చూసి ప్రతిసారీ "దట్ ఈజ్" అంటే సాక్షి లాయర్‌లా వినిపిస్తాడు, ఇక్కడ గడియారం చూడలేదంటూ మాట మార్చుకుంటున్నాడు కాబట్టి "ఐ మీన్". మధ్యలో ఆగిన చోట చుక్కలు అలాగే ఉంచండి, వాక్యం తెగిపోతే తెగిపోనివ్వండి, మీరు పూర్తి చెయ్యొద్దు.

సమస్య: "అక్కడ నలుగురున్నారు" అని లెక్క వచ్చింది

"క్వాత్రో గాత్తి" అంటే నాలుగు పిల్లులు, జాతీయం అది, జనం పెద్దగా లేరని అర్థం. ఎవరో పిల్లుల్ని మనుషులు చేసి "ఫోర్ పీపుల్" అని రాస్తే రేపు కోర్టులో ఆ నలుగురూ ఎవరని అడుగుతారు. "దేర్ వాజ్ హార్డ్‌లీ ఎనీవన్ దేర్" అని రాసి, అసలు మాటేంటో కింద అనువాదకుడి నోట్‌లో పెట్టండి.

సమస్య: అరిచింది ఎవరో ఇటాలియన్‌లో లేదు, ఇంగ్లిష్‌లో ఉంది

"ఆ ఉర్లాతో" లో అరిచింది మగా ఆడా తెలియదు, కర్తే లేదు. ఇంగ్లిష్ మాత్రం హీ యో షీ యో ఏదోటి పెట్టమంటుంది, మనకి తెలిసిన కథ బట్టి "హీ" పెట్టేస్తాం, అంతే, అరిచినవాడెవరో మనమే తేల్చేశాం. "దెన్ [హీ/షీ] స్క్రీమ్‌డ్" అని చదరపు బ్రాకెట్లో పెట్టి, మూలంలో కర్త చెప్పలేదని నోట్ రాయండి. వేరే వాక్యంలో స్పష్టంగా తెలిసిపోతుంటే ఈ బ్రాకెట్ గోల అక్కర్లేదు.

సమస్య: చూడనివాడు చూసినట్టు అయ్యాడు

నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదం ఇదే. "లవ్రెబ్బె స్పింతో"ని స్కూల్ గ్రామర్ ప్రకారం "వుడ్ హావ్ పుష్‌డ్ హిమ్" అంటే "అవకాశముంటే నెట్టేవాడు" అన్న అర్థం వస్తుంది, అది పూర్తిగా తప్పు. ఈ కండిషనల్ ఇక్కడ వేరేవాళ్ల మాట మోస్తోంది, మన "అట" లాంటిది: బార్‌వాడు చెప్పినదాన్ని బట్టి జాకెట్ వేసుకున్నవాడు నెట్టాడట, తర్వాత పారిపోయాడట. మొదటి భాగానికి "అకార్డింగ్ టు ద బార్‌మన్" ఉంది కాబట్టి "పుష్‌డ్ హిమ్" అన్నా నడుస్తుంది. జారిపోయేది రెండోది, "సరెబ్బె స్కప్పాతో". "అండ్ దెన్ హీ రాన్ ఆఫ్" అని రాస్తే పారిపోవడం సాక్షి కళ్లారా చూసినట్టు చదివేవాళ్లుంటారు. "అండ్ దెన్ అపారెంట్లీ రాన్ ఆఫ్" అనండి, లేదా "ఈజ్ సెడ్ టు హావ్" వాడండి, కానీ ఇది మాట్లాడే మనిషి నోట్లో కొంచెం బిగుసుకుపోతుంది.

నేను చేసే చెక్ ఒకటే, నా ఇంగ్లిష్‌ని నోటితో తెలుగులో చెప్పుకుంటా, "అయ్యుంటుంది", "ఏమో", "అట" మూలంలో ఉన్న చోటే వస్తున్నాయా అని చూస్తా. ఒక "అట" పోయిందంటే అక్కడికి వెనక్కి వెళ్తా.

సమస్య: మూలంలోనే తడబాటు లేదు

ఆడియో కాకుండా వెర్బాలే, అంటే పోలీసులు రాసుకున్న వాంగ్మూలం వస్తే అందులో ఎ.డి.ఆర్. అని కనిపిస్తుంది, "ఆ దొమాందా రిస్పోందె", అంటే అడిగినప్పుడు జవాబిస్తున్నాడు అని. అడిగిన ప్రశ్న చాలాసార్లు రాసుండదు, జవాబు ఆఫీసర్ భాషలో ఉంటుంది, సాక్షి "బార్‌కెళ్లా" అన్నది "మీ రెకావో ప్రెస్సో ఇల్ బార్" అయిపోతుంది. దాన్ని మళ్లీ వాడుకమాటగా మార్చి "సాక్షి గొంతు తిరిగి తెచ్చా" అనుకోకండి, "ఐ ప్రొసీడెడ్ టు ద బార్" అని బిగుతుగానే ఉంచండి. ఆడియో దొరుకుతుందేమో మాత్రం పని ఇచ్చినవాళ్లని ముందే అడగండి.