మిక్సీ జార్ పని ఎందుకు కదల్లేదంటే

నా పనుల జాబితాలో ఏ పని ఎక్కడ, దేనితో చేయాలో చెప్పే ఫోన్, కంప్యూటర్, బయట అనే ట్యాగులున్నాయి. అయినా ‘అమ్మ మిక్సీకి కొత్త జార్’ నెలల తరబడి ‘బయట’లోనే ఉండిపోయింది. గవర్నర్‌పేట వెళ్లినప్పుడు జాబితాలో ఆ పని కనిపించేది, కానీ మోడల్ తెలియకుండా ఏ జార్ కొంటాం?

ట్యాగ్‌ను మొత్తం పనికి కాకుండా, ముందు వేయాల్సిన అడుగుకు పెట్టాక దారి దొరికింది. మొదట ‘మిక్సీ అడుగున ఉన్న మోడల్ నంబర్ ఫొటో తీయాలి’, దీనికి ‘ఇల్లు’ ట్యాగ్. అది అయ్యాక ‘షాపుకు ఫోన్ చేసి జార్ ఉందా అడగాలి’, ‘ఫోన్’. నెహ్రూ బస్టాండ్‌లో బస్సు కోసం చూస్తూ ‘ఫోన్’ జాబితా తెరిచి ఆ కాల్ చేసేశాను. ఉందన్నాకే ‘బయట’ ట్యాగ్ వేశాను. ఈసారి వెళ్లిన రోజే జార్ ఇంటికొచ్చింది.

‘బయట’ను కూడా వన్‌టౌన్, గవర్నర్‌పేట, బెంజ్ సర్కిల్ అని విడదీశాను. బెజవాడ ట్రాఫిక్‌లో ఇది చాలా అవసరం. ‘కంప్యూటర్’ మాత్రం పెద్ద తెర, కీబోర్డ్ తప్పనిసరైన పనులకే ఉంచాను. కరెంటు బిల్లు లాంటివి ఫోన్‌లోనే కట్టొచ్చు.

సరైన చోట ఉండి కూడా ఒక పనిని పదేపదే దాటేస్తుంటే, దాని ముందు ఇంకో అడుగు మిగిలి ఉందేమో చూస్తాను.