టైల్స్ నేల మీది పెద్ద వస్తువు తీసేస్తే గీతలు వంకర పోతున్నాయా?

సమస్య: శ్రీకాకుళంలో ఓ కల్యాణ మండపంలో, స్టేజీ మీద నుంచి కిందికి తీసిన పెళ్లి ఫోటో. హాలు మధ్యలో రిటర్న్ గిఫ్టుల అట్టపెట్టెలు అడ్డంగా ఉన్నాయి. వాటిని సెలెక్ట్ చేసి, ఫొటోషాప్‌లో Content-Aware Fill కొడితే పెట్టెలు పోయాయి. కానీ ఆ చోట టైల్స్ మధ్య గీతలు విరిగాయి. ఎడమ నుంచి వచ్చిన గీత మధ్యలో సగం టైలు కిందికి జారింది, ఒకచోట టైలు ముక్కోణంలా తయారైంది. అన్‌డూ చేసి మళ్లీ మళ్లీ కొట్టినా ఇదే తంతు.

ముందు ఇది చూడండి. ఈ ఒక్కటీ చూడకుండానే చాలామంది సెట్టింగులన్నీ తిప్పేస్తారు. మీ సెలెక్షన్ గీత అట్టపెట్టె అంచుకే అతుక్కుని ఉందా? నున్నటి టైల్స్ మీద పెట్టె నీడ పడుతుంది, దాని ప్రతిబింబం కూడా కనిపిస్తుంది. ఆ రెండూ సెలెక్షన్ బయట మిగిలిపోతే, ఫిల్ వాటినే మంచి నేల అనుకుని లోపలికి లాగుతుంది. నీడనూ ప్రతిబింబాన్నీ కలిపి సెలెక్ట్ చేసి, Select > Modify > Expand లో ఇంకో పది పిక్సెల్స్ పెంచండి. తర్వాత Content-Aware Fill కిటికీలో ఆకుపచ్చగా కనిపించే ప్రాంతం చూడండి. ఫిల్ ముక్కలు తెచ్చుకునేది అక్కడి నుంచే. అందులో పట్టుచీరలు, కుర్చీ కాళ్లు ఉంటే బ్రష్‌తో చెరిపేయండి. Rotation Adaptation ను None లో ఉంచండి, Mirror టిక్ తీసేయండి.

చిన్న వస్తువైతే ఇంతటితో పని అయిపోతుంది. పెద్దదైతే అవ్వదు. దానికి కారణం వేరే ఉంది.

అసలు కారణం: ఈ ఫిల్‌కు టైలు అంటే ఏమిటో తెలియదు. ఖాళీ అంచున ఉన్న చిన్న చిన్న ముక్కలను చూసి, వాటిని పోలిన ముక్కలు ఫోటోలో ఎక్కడున్నాయో వెతికి అతికిస్తుంది. వరసకు ఎన్ని టైల్స్ రావాలో లెక్క పెట్టదు. అంచు దగ్గర పక్కనున్న గీతలు ఆసరాగా ఉంటాయి కాబట్టి అక్కడ బాగానే కుదురుతుంది. ఖాళీ నడిమికి వచ్చేసరికి ఆ ఆసరా ఉండదు. ఎడమ నుంచి అల్లుకొచ్చిన టైల్స్, కుడి నుంచి వచ్చినవి అక్కడ కలవాలి, కలవవు.

దీనికి పర్‌స్పెక్టివ్ తోడైతే ఇక కుదిరే ప్రశ్నే లేదు. మన ఫోటోలో పెట్టెలకు ముందున్న టైలు వెడల్పు 520 పిక్సెల్స్, వెనకున్న టైలు 300. కంటికి రెండూ ఒకటే టైలు. ఫిల్‌కు మాత్రం రెండూ వేర్వేరు బొమ్మలు. వెనక వరస ముక్కను ముందుకు తెచ్చి పెడితే గీత ఎలా కలుస్తుంది? Scale టిక్ పెట్టినా ముక్కల సైజు మారుతుందే తప్ప, గీతల వాలు సరిపోదు.

మీ ఫోటోలో ఇదే జరుగుతోందో లేదో తేల్చుకోవడం సులువు. వస్తువుకు రెండు పక్కలా ఉన్న గీతల మీద లైన్ టూల్‌తో పొడవుగా రెండు గీతలు గీయండి. దూరం వెళ్లేకొద్దీ అవి దగ్గరవుతుంటే, Content-Aware Fill తో కుస్తీ అక్కడితో ఆపేయండి.

పరిష్కారం: కొత్త ఖాళీ లేయర్ తీసుకుని Filter > Vanishing Point తెరవండి. Create Plane టూల్‌తో స్పష్టంగా కనిపించే టైల్స్ మూలలు నాలుగు నొక్కండి. ఒక్క టైలు చాలదు, మూడు నాలుగు టైల్స్ కలిపి చుట్టండి. చిన్న చతురస్రంలో ఒక పిక్సెల్ తేడా వస్తే, గ్రిడ్ సాగదీసేసరికి అది పెద్దదవుతుంది. గ్రిడ్ నీలంగా రావాలి. ఎరుపో పసుపో వస్తే మూలలు సరిచేయండి. తర్వాత దాన్ని పెట్టెల మీదుగా సాగదీసి, గీతలు టైల్స్ గీతల మీదే కూర్చున్నాయో లేదో చూడండి.

ఇప్పుడు మార్కీతో ఖాళీగా ఉన్న నేల కొంత సెలెక్ట్ చేసి, Alt నొక్కి పట్టుకుని పెట్టెల మీదికి లాగండి. సైజూ వాలూ అదే మార్చుకుంటుంది. గీత మీద గీత కూర్చున్నాకే వదలండి. వెలుగు తేడా కనిపిస్తే Heal ను Luminance కి మార్చండి.

ముక్కను ఎప్పుడూ పక్క నుంచే, అంటే అదే వరస నుంచే తీసుకోండి. వెనక వరస నుంచి ముందుకు లాగితే 300 పిక్సెల్స్ టైలు 520 కి సాగి మసకబారుతుంది, ప్రింటులో అది తెలిసిపోతుంది. పక్కన తగినంత ఖాళీ నేల లేకపోతే రెండు మూడు ముక్కలుగా పూడ్చండి. ఇక మిగిలిన చిన్న అతుకులకు, ఓకే నొక్కి బయటికొచ్చాక హీలింగ్ బ్రష్ చాలు.

ఇటుక గోడకూ పద్ధతి ఇదే, ఒక్క జాగ్రత్త అదనం. మామూలు కట్టుబడిలో ప్రతి వరసా కింది వరస కంటే సగం ఇటుక పక్కకు ఉంటుంది. అందుకని ముక్కను పైకో కిందికో జరిపితే రెండు వరసల లెక్కన జరపాలి. ఒక్క వరసే జరిపితే ముక్క పై అంచునా కింది అంచునా నిలువు సందులు ఒకదాని మీద ఒకటి వచ్చేస్తాయి, పక్క అంచుల్లో ఇటుకలు కలవవు.

తప్పు లేయర్ మీద ఉండటం, మెమరీ చాలకపోవడం లాంటివి అరుదు. వాటితో అసలు ఫిల్ జరగదు, లేదా ప్రోగ్రాం ఆగిపోతుంది. అంతేగానీ గీతలు వంకర పోవు.