పత్తి సీజన్ల వాట్సాప్‌కు మెసేజ్ వస్తే ముందుగాల మనిషిని అంచనా కట్టకుర్రి

జూన్ల పెట్టిన పత్తి ఆగస్టు, సెప్టెంబర్‌కు వచ్చేసరికి మన నల్గొండ, పాలమూరు దిక్కు ఎవరి ఫోన్ చూసినా ఒకటే తీరు మెసేజ్‌లు. ఊర్ల నాలుగు మాటలు తెలిసినోళ్లు, మందుల షాపు నడిపేటోళ్లు, డిగ్రీ అగ్రికల్చర్ చదివిన పిల్లలు, వీళ్లందరికీ వస్తయి. ఆ మెసేజ్ చూస్తే "అన్నా పత్తి ఎర్రవడుతుంది ఏం కొట్టాలె" అంతే, ఫోటో కూడ ఉండదు. చెప్పింది తక్కువున్నప్పుడు మిగిలింది మన బుర్రనే నింపుకుంటది, డీపీల బైక్ మీద పిలగాడు, పేరు కాడ ఏదో కింగ్ అని ఉంది, రాసింది ఇంగ్లీష్ అక్షరాల్ల తెలుగు, ఓ ఇంటర్ పోరడు వాళ్ల నాయన కోసం అడుగుతుండు అనుకుంటం. గంతే, "మీ నాయనతోని ఫోన్ చేపియ్ తమ్మీ" అని కొట్టి పడేస్తం.

ఆ ఫోన్ మనుమనిది కావొచ్చు, మెసేజ్ పెట్టిచ్చింది నాలుగెకరాలు ఒక్కతే చేసుకునే అమ్మ కావొచ్చు. సిమ్ ఒకరి పేరు మీద, ఫోన్ ఇంకొకరి చేతుల, భూమి మూడో మనిషిది, చేసేది కౌలుకు, ఇది మన ఊర్లల్ల మామూలే. అక్షరాలు తప్పులు పడ్డయంటే నోటితోని చెప్పి టైప్ చేపిచ్చిండొచ్చు, పొంకంగ ఇంగ్లీష్‌ల రాసిండంటే హైదరాబాద్‌ల ఉన్న కొడుకు చేను చూడకుండనే పంపిండొచ్చు. అందుకే తమ్మీ, అమ్మా, సార్ ఏదీ వద్దు, "నమస్తే, చెప్పుర్రి" అని మీరు అని మొదలు పెట్టుర్రి. నువ్వెవరు, వయసెంత అని గూడ అడగకుర్రి, దానితోని పత్తికి పనేం లేదు. మనిషి గురించి ముందుగాల అడగాల్సింది ఒక్కటే, ఇప్పుడు చేను కాడ ఉన్నరా లేదా. లేకపోతే పోయినంక చూసి చెప్పమనుర్రి.

ఇగ అసలు సంగతి. ఎర్రవడుడు ఒక్క రోగం కాదు. కింది ముదురు ఆకుల్ల ఈనెలు పచ్చగనే ఉండి నడిమిట్ల ఎర్రగైతే అది చానామట్టుకు మెగ్నీషియం తక్కువై, చెల్కల్ల బాగ కనవడతది, లీటరు నీళ్లకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ వారం ఎడంతోని రెండుసార్లు కొడతరు. అట్ల కాక ఆకు అంచులు ముందు పసుపైతూ, కిందికి ముడుచుకొని, తర్వాత ఎర్రగైతే పచ్చదోమ. ఆకు తిప్పి చూస్తే లేత పచ్చ పిల్ల పురుగులు ఎండ్రకాయ లెక్క అడ్డంగ ఉరుకుతయి. ఆకుకు రెండు దాక ఉంటే మందు కొట్టే టైం వచ్చినట్టే. చేన్ల నీళ్లు నిలిచినా ఎర్రవడతది, చివరికి కాపు అయినంక ముసలిదై ఎర్రవడితే ఏమీ కొట్టే పని లేదు.

ఆ కింగ్ నంబర్‌నే తీసుకుందాం. పోరడు, ఏం తెల్వదు అనుకుంటే "పచ్చదోమ కావొచ్చు, ఇమిడాక్లోప్రిడ్ కొట్టు" అని ఒక ముక్క చెప్పి ఊకుంటం. అదే సక్కగ అడిగితే ఇట్ల వస్తది: 65 రోజులైంది, అంచులు ముడుచుకున్నయి, ఆకు కింద పురుగులున్నయి, అసిటామిప్రిడ్ ఇప్పటికే రెండుసార్లు కొట్టిచ్చిన. ఇప్పటిదాక ఏం కొట్టిండ్రు అన్న ఈ ప్రశ్ననే, ఎదుటి మనిషికి ఏం తెల్వదని అనుకున్నప్పుడు మనం మరిచిపోయేది. ఆ రెండు మందులూ ఒకటే జాతివి, మళ్ల అదే జాతిది కొడితే డబ్బులు దండగ, పురుగు ఇంకింత మొండికేస్తది. జాతి మార్చి ఫ్లోనికామిడ్ లీటరుకు 0.3 గ్రాములు చెప్పాలె.

లీటర్ల లెక్క చెప్పి వదలకుర్రి, పంపు ఎన్ని లీటర్లదో అడుగుర్రి. 16 లీటర్లదైతే దగ్గర దగ్గర 5 గ్రాములు, 20ది అయితే 6. చదువుకున్నోళ్ల లెక్క రాసిండు, లెక్క చేసుకుంటడులే అనుకునుడు గూడ అంచనానే, పంపు కొట్టేది కూలికి వచ్చిన ఇంకో మనిషి కావొచ్చు. పంపుకు ఎంతో ఒక్క లైన్ల రాసి పంపితే ఆ మనిషికి చూపిస్తరు.

ఒక్క కాడ మాత్రం ప్రశ్నలు ఆపాలె. "తల తిరుగుతుంది ఏం చెయ్యాలె" అని రాత్రిపూట మెసేజ్ వస్తే, పేరు చూసి తాగిండేమో, వయసు చూసి బీపీ ఏమో అనుకోకుర్రి, సీజన్ చూడుర్రి. చేన్ల పురుగుమందు కొట్టిండ్రా అని ఒక్కటే అడిగి, అవునంటే బట్టలు ఇప్పి సబ్బుతోని ఒళ్లు కడగమని, 108కి ఫోన్ చెయ్యమని, మందు డబ్బా దవాఖానకు వెంట తీస్కపొమ్మని చెప్పుర్రి. చొంగ కారుడు, వాంతులు, చెమటలు ఉన్నయంటే ఇంక ఆలస్యం వద్దు. జవాబు రాకపోతే మెసేజ్ మీద ఉండకుండ ఫోన్ కొట్టుర్రి, ఎత్తకపోతే ఆ ఊర్ల తెలిసిన ఎవరికన్నా చెయ్యిర్రి.