ఒకే సెన్సారుతో ట్యాంకు నింపడం, బోరు ఎండితే మోటారు ఆపడం ఎలా?

మే నెలలో పర్లాకిమిడిలోని మా బోరు అరగంట నీళ్లిచ్చి నిలిచిపోతుంది. ఒకరోజు "మోటారు మోగుతోంది కానీ నీళ్ల చప్పుడు లేదు, చూడు బాబూ" అని మా అత్తయ్య అనేసరికే వైండింగు కాలిపోయింది. సబ్‌మెర్సిబుల్ మోటారుకు చుట్టూ ఉన్న నీళ్లే చల్లదనం.

దీనికి బోరులో వేరే సెన్సారు అక్కర్లేదు. ఆర్డుయినో బోర్డుకు తగిలించి ట్యాంకు మూతకు బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సారు ధ్వనిని పంపి, ప్రతిధ్వని వచ్చే సమయాన్ని బట్టి నీటి దూరం కొలుస్తుంది. అదే ఆ పనీ చేస్తుంది: మోటారు తిరుగుతున్నా మట్టం పెరగకపోతే బోరులో నీళ్లు లేనట్లే.

ముందు నీళ్లకు తట్టుకునే JSN-SR04T తీసుకోండి. పైపు ధార పడే చోటికి, గోడకు దూరంగా, నిటారుగా కిందికి చూసేలా బిగించండి. 25 సెంటీమీటర్లకన్నా దగ్గరున్న నీటిని అది సరిగా కొలవలేదు. కాబట్టి సెన్సారుకు 30 సెంటీమీటర్ల దూరంలోకి నీళ్లు రాగానే మోటారు ఆగాలి, 90కి దిగితే మొదలవ్వాలి. ఒక్క కొలతను నమ్మవద్దు. ఐదు తీసుకుని, చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి మధ్యదాన్నే వాడండి. ప్రతిధ్వని అసలు రాకపోతే మోటారు ఆగిపోవాలి. చాలాసార్లు సెన్సారు ముఖం మీద చేరిన తేమే దానికి కారణం.

ఇక లెక్క. మా వెయ్యి లీటర్ల ట్యాంకు వ్యాసం 110 సెంటీమీటర్లు, అంటే సెంటీమీటరుకు 9.5 లీటర్లు. మోటారు నిమిషానికి 25 లీటర్లు ఇస్తుంది కనుక నాలుగు నిమిషాల్లో మట్టం 10 సెంటీమీటర్లు దాటి పెరగాలి. ఆ సమయంలో ఎవరైనా కుళాయి తిప్పి నిమిషానికి 12 లీటర్లు వాడుకుంటే పెరుగుదల ఐదున్నరకు తగ్గుతుంది. అందుకే హద్దు 4 సెంటీమీటర్లు పెట్టాను. మీ మోటారు ధారను బకెట్‌తో కొలిచి మీ హద్దు మీరే తేల్చుకోండి.

```
if (digitalRead(PUMP) == HIGH && millis() - t0 >= 240000UL) {
  if (h - h0 < 4) {
    digitalWrite(PUMP, LOW);
    dry = true;
  }
  h0 = h;
  t0 = millis();
}
```

ఇక్కడ `h` ట్యాంకు అడుగు నుంచి సెంటీమీటర్లలో నీటి మట్టం; `h0`, `t0` లెక్క మొదలైనప్పటి మట్టం, సమయం. మోటారు మొదలైన క్షణంలో `h0`, `t0` కొత్తగా నింపాలి; లేకపోతే పాత లెక్కతో వెంటనే ఆగిపోతుంది.

ఎండలో ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీలకు సరిచేసిన సెన్సారు 40 డిగ్రీల దగ్గర మీటరుకు మూడు సెంటీమీటర్లకు పైగా తక్కువ దూరం చూపుతుంది. నాలుగు నిమిషాల తేడాను కొలిచేటప్పుడు మాత్రం ఆ తప్పు దాదాపు రద్దయిపోతుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది అందుకే.

దీనికో లోపం ఉంది: ఆగేలోపు మోటారు కొన్ని నిమిషాలు, ఒక్కోసారి ఆరు నిమిషాలకు పైగా, ఎండుగానే తిరుగుతుంది. కాబట్టి `dry` పడితే గంట ఆగి, మరో రెండుసార్లు మాత్రమే ప్రయత్నించనివ్వండి. మూడోసారీ ఆగితే బటన్ నొక్కేదాకా కదలకూడదు.

మోటారును చిన్న రిలేకు నేరుగా తగిలించవద్దు. మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు ప్రోగ్రాము ఆపమన్నా మోటారు ఆగదు. రిలే, భారీ కరెంటుకు తట్టుకునే పెద్ద స్విచ్చయిన కాంటాక్టరు కాయిల్‌ను నడపాలి, కాంటాక్టరు మోటారును నడపాలి. ఆ వైరింగు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. చివరగా బోరు వాల్వు మూయకుండానే పరీక్షించవచ్చు: మోటారు వైరు విప్పించి, కాంటాక్టరు ఒక్కటే పడనిచ్చి, నాలుగు నిమిషాలకు అది ఊడుతుందో లేదో చూడండి.