కల్లం కాడ గొంతు గులగుల పెడ్తుందా? గోళీ ఎప్పుడేస్కోవాలె, దుమ్ముకు ఎట్ల తప్పుకోవాలె

వడ్ల సీజన్ల మిర్యాలగూడ దిక్కు ఏ కల్లం కాడికి పోయినా ఇద్దరు ముగ్గురు గొంతు గీరుకుంటనే కనపడ్తరు. మా బావకైతే పోయిన యాసంగిల తూర్పారపట్టే మిషిన్ మొదలైన పది నిమిషాలకే అంగిట్ల, గొంతుల, చెవుల లోపల గులగుల, ఇగ వరుసగ తుమ్ములు. ఇన్ఫెక్షనేమో అని మూడ్రోజులు యాంటీబయాటిక్ మింగిండు, ఏం ఫరక్ పడలె. అది అలర్జీ, యాంటీబయాటిక్‌తోని దానికేం పని లేదు.

ముందు అలర్జీనా కాదా చూస్కోండి. దురద ఎక్కువ, నొప్పి తక్కువ, జ్వరం లేదు, దుమ్ముల నుంచి బయటికొస్తే తగ్గుతది అంటే చానా వరకు అలర్జీనే. జ్వరం, మింగుతుంటే నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపియ్యాలె.

ఇగ గోళీ. నూగు, పుప్పొడి తాకంగనే ఒంట్ల హిస్టమిన్ అనేది బయటికొచ్చి నరాల మీద కూసుంటది, గందుకే దురద. సెటిరిజిన్ లాంటి గోళీ ఏం చేస్తదంటే, బస్సుల కిటికీలకెళ్లి తువాల ఏసి సీటు ఆపుకున్నట్టు, ఆ జాగను ముందే ఆపుకుంటది. హిస్టమిన్ కూసున్నంక ఏస్కుంటే పని జేస్తది గని లేటు. మా బావ దురద మొదలైనంక ఏస్కొని "గంటైనా తగ్గుతలేదు" అనెటోడు, కల్లానికి పోయే ముందు రోజు రాత్రి ఏస్కునుడు మొదలువెట్టినంక మస్తు తేడా తెలిసింది. పెద్దోళ్లకు 10 ఎంజీ, రోజుకు ఒక్కటే, తగ్గలేదని రెండోది ఏస్కోవద్దు. కొందరికి మగత పొద్దుగాల దాకా ఉంటది, ట్రాక్టర్ నడిపెటోళ్లు జాగ్రత్త, ఆ రాత్రి మందు తాగుడు బంద్. మగత ఎక్కువైతే ఫెక్సోఫెనాడిన్ గురించి డాక్టర్‌ని అడగండి, దాన్ని పండ్ల రసంతోని కాదు నీళ్లతోనే మింగాలె. కిడ్నీ జబ్బున్నోళ్లు, గర్భిణులు, చిన్నపిల్లల సంగతి డాక్టరే చెప్పాలె.

గోళీ ఏస్కొని దుమ్ములనే నిలబడితే మాత్రం ఏం లాభం. గాలి ఎటు నుంచి వస్తుందో ఆ దిక్కే నిలబడండి, దుమ్ము మీ నుంచి అవతలికి పోతది. వదులుగ చుట్టిన తువాల సందులకెళ్లి నూగు వస్తనే ఉంటది, ముక్కుకు బిగుతుగ కూసునే ఎన్95 మాస్క్ మేలు. ఇంటికి రాంగనే బట్టలు బయటనే విడిచి, తల మీదికెళ్లి తానం జేసి పుక్కిలించండి. మా బావ అన్నీ జేసి అదే తువాల దిండు మీద ఏస్కొని పండుకునెటోడు, రాత్రంతా గులగుల.

వానలు పడ్డంక పొలం గట్ల మీద వయ్యారిభామ పూస్తది, దాని పుప్పొడితోని ఇదే బాధ. పూతకు రాకముందే పీకియ్యండి, అలర్జీ ఉన్నోళ్లు మాత్రం చెయ్యి పెట్టొద్దు.

ముక్కు దిబ్బడకు గోళీ అంతగ పనిజెయ్యదు, డాక్టర్ రాసిచ్చే ముక్కు స్ప్రే రోజూ కొట్టుకోవాలె, పూర్తిగ గుణం కనపడనీకి కొన్ని రోజులు పడ్తది. పెదాలు, నాలుక ఉబ్బినా, గొంతు మారినా, ఊపిరి ఆడకున్నా గోళీ పనిజేసేదాక చూడొద్దు, 108కి ఫోన్ కొట్టండి.