డంప్స్‌లో జవాబులు ఎందుకు పాతబడతాయి, సర్టిఫికేషన్ ఎందుకు రద్దవుతుంది: సమస్య - పరిష్కారం

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ క్లౌడ్ ఉద్యోగాల కోసం చదువుతున్న మన తెలుగు పిల్లల ఫోన్లలో ఏదో ఒక పీడీఎఫ్ తిరుగుతూనే ఉంటుంది. పరీక్షలో వచ్చే అసలు ప్రశ్నలు ఇవేనని, బట్టీ పడితే గట్టెక్కవచ్చని చెప్పి ఇస్తారు. వాటినే డంప్స్ అంటాం. ఇక్కడ ఎక్కువమంది రాసే ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షనే ఉదాహరణగా తీసుకుంటాను. దాని ప్రస్తుత కోడ్ `SAA-C03`.

సమస్య: ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు

అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక అమ్మాయి ఈ మధ్య రెండు పీడీఎఫ్‌లు తెచ్చి చూపించింది. "అన్నా, ప్రశ్న ఒకటే, జవాబులు వేరు. ఏది నమ్మమంటారు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇక్కడ ఎత్తి రాయను. అదే విషయం మీద నేను అల్లిన ఉదాహరణ ఇది.

ఒక కంపెనీ తన ధరల పట్టికను ఏడబ్ల్యూఎస్ స్టోరేజీ సేవ అయిన ఎస్3లో, ఒక బకెట్‌లో ఫైలుగా ఉంచుతుంది. గంటకోసారి అదే పేరుతో కొత్త ఫైలు ఎక్కిస్తుంది. ఎక్కించిన వెంటనే చూసిన కొనుగోలుదారులలో కొందరికి పాత ధరలే కనిపిస్తున్నాయి. కారణం ఏమిటి?

మొదటి పీడీఎఫ్ ధోరణిలో చెబితే జవాబు ఇది: ఉన్న ఫైలు మీద కొత్తది రాస్తే ఆ మార్పు అన్నిచోట్లా కనబడడానికి ఎస్3లో కొంత సమయం పడుతుంది, కాబట్టి కాసేపు ఆగి చదవాలి. ఒకప్పుడు ఇది నిజమే. కానీ 2020 డిసెంబర్ 1న ఏడబ్ల్యూఎస్ ఆ పద్ధతిని మార్చింది. అప్పటి నుంచి, రాయడం విజయవంతంగా పూర్తయిందని ఎస్3 చెప్పిందంటే, ఆ తర్వాత ఎవరు చదివినా కొత్త ఫైలే వస్తుంది. అందుకు అదనపు రుసుమూ లేదు, మార్చవలసిన సెట్టింగూ లేదు.

అలాంటప్పుడు పాత ధరలు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? ఈరోజు అనుమానించవలసింది మధ్యలో ఉన్న కాష్‌ను. బకెట్ ముందు, ఫైళ్ళ కాపీలను చూసేవారికి దగ్గరగా ఉంచి అందించే క్లౌడ్‌ఫ్రంట్ ఉండి, గడువు ఎక్కడా విడిగా చెప్పకపోతే, అది ఒక కాపీని 24 గంటల వరకు తన దగ్గర ఉంచుకోగలదు. పరిష్కారం అక్కడే వెతకాలి: ఆ కాపీని చెల్లకుండా చేయాలి, గడువు తగ్గించాలి, లేదా ప్రతిసారీ కొత్త పేరుతో ఫైలు ఎక్కించాలి.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. కొత్త పేరుతో ఎక్కించడమనేది పాత కాలంలోనూ ఒక జవాబే, ఇప్పుడూ ఒక జవాబే. కానీ కారణం పూర్తిగా మారిపోయింది. ప్రశ్నలో క్లౌడ్‌ఫ్రంట్ ఉందో లేదో చూడకుండా జవాబు మాత్రమే గుర్తుపెట్టుకున్న వాళ్ళకు ఈ తేడా తెలియదు. ఒక చోట మార్కు వస్తుంది, పక్క ప్రశ్నలో పోతుంది, ఎందుకు పోయిందో అర్థం కాదు.

కారణం: డంప్ అమ్మేవారికి అసలు జవాబు తెలియదు

ఈ సంగతి చాలామంది గమనించరు. పరీక్ష తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, ఆప్షన్లు కనిపిస్తాయి, సరైన జవాబు మాత్రం ఎప్పుడూ కనిపించదు. స్కోరు రిపోర్టు కూడా మొత్తం స్కోరును, ఏ విభాగంలో ఎలా చేశారన్నదాన్ని చెబుతుందే తప్ప, ఫలానా ప్రశ్న తప్పిందని చెప్పదు. అంటే దొంగతనంగా బయటికి వచ్చేది ప్రశ్న ఒక్కటే. జవాబు ఆ తర్వాత ఎవరో ఒకరు ఊహించి పెట్టేదే. ఆ ఊహ తప్పని వాళ్ళకు చెప్పే దారి లేదు కాబట్టి తప్పు దిద్దుబాటు కాకుండా ఏళ్ళ తరబడి కాపీ అవుతూ ఉంటుంది.

ప్రశ్న కూడా సరిగ్గా రాదు. పరీక్ష రాసి వచ్చినవాళ్ళు గుర్తున్నంతవరకు చెబుతారు. "తక్కువ ఖర్చుతో" అన్నదో, "నిర్వహణ భారం అతి తక్కువగా ఉండేలా" అన్నదో ఒక చిన్న మాట మధ్యలో జారిపోతుంది. ఈ పరీక్షలో ఆ మాటే జవాబును నిర్ణయిస్తుంది. నాలుగు ఆప్షన్లలో రెండు పనిచేసేవే అయినప్పుడు, ఖర్చు అడిగితే ఒకటి, నిర్వహణ అడిగితే మరొకటి సరైనదవుతుంది.

ఇక కాలం సంగతి. `SAA-C02` 2020 మార్చిలో వచ్చింది, అంటే ఎస్3 మార్పుకు ముందు. `SAA-C03` 2022 ఆగస్టు 30న వచ్చింది. పాత ప్రశ్నల కట్టకు కొత్త కోడ్‌తో అట్ట మార్చడం అమ్మేవారికి క్షణం పని. "ఈ వారమే అప్‌డేట్ చేశాం" అని రాసిన తేదీ ఆ అట్టదే.

పరిష్కారం: అనుమానం ఉన్న జవాబును మీరే పరీక్షించండి

ఆ మొదటి పీడీఎఫ్‌లోనే ఇంకో పాత జవాబు కనబడింది: ఎస్3లో పెట్టే ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ కావాలంటే బకెట్‌లో ప్రత్యేకంగా ఒక సెట్టింగ్ పెట్టాలని. ఆ అమ్మాయి చేత తన ఖాతాలోనే, ఏ సెట్టింగూ మార్చని కొత్త బకెట్ మీద ఇది చేయించాను. `BUCKET` ఉన్నచోట మీ బకెట్ పేరు పెట్టండి.

```
echo test > a.txt
aws s3 cp a.txt s3://BUCKET/
aws s3api head-object --bucket BUCKET --key a.txt
```

వచ్చిన సమాధానంలో ఈ వరుస ఉంది:

```
"ServerSideEncryption": "AES256"
```

ఎవరూ ఏమీ అడగకుండానే ఫైలు ఎన్‌క్రిప్ట్ అయింది. 2023 జనవరి 5 నుంచి ఎస్3లోకి వచ్చే ప్రతి కొత్త ఫైలుకూ ఇదే జరుగుతోంది. అయితే దీనికి హద్దులున్నాయి. అంతకు ముందు నుంచి ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్న పాత ఫైళ్ళు వాటంతట అవి మారవు. కీ కంపెనీ అదుపులోనే ఉండాలి, దాన్ని ఎవరు ఎప్పుడు వాడారో లెక్క ఉండాలి అని ప్రశ్న కోరితే ఈ డిఫాల్ట్ సరిపోదు, ఏడబ్ల్యూఎస్ కీల నిర్వహణ సేవ కేఎంఎస్ కావాలి. కాబట్టి "ఇక సెట్టింగ్ అక్కర్లేదు" అన్న కొత్త వాక్యాన్ని బట్టీ పట్టినా మళ్ళీ అదే చిక్కు.

సాధనకు ఏడబ్ల్యూఎస్ స్కిల్ బిల్డర్‌లో 20 ప్రశ్నల అధికారిక సెట్ ఉచితంగా దొరుకుతుంది. బయటి పుస్తకమో కోర్సో తీసుకుంటే ఒక్కటి చూడండి: మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో ప్రతి ప్రశ్నకూ వివరణ ఉందా? ప్రశ్నను సొంతంగా రాసినవారు అది రాయగలరు. వట్టి అక్షరం మాత్రం ఇచ్చి, "అసలు పరీక్ష ప్రశ్నలు", "పాస్ గ్యారంటీ" అని ఉంటే అది డంపే. కోచింగ్ సెంటర్ తన ముద్ర వేసి "మెటీరియల్" అని చేతికిచ్చినా సరే.

సమస్య: పాసయ్యాక, బ్యాడ్జి వచ్చాక, రద్దు మెయిలు

"పరీక్ష గదిలో ఎవరూ పట్టుకోలేదు కదా, తర్వాత ఎలా తెలుస్తుంది?" అని అడుగుతారు. పట్టించేది గది కాదు, జవాబుల తీరు. పరీక్షల నిర్వహణ రంగంలో ఇందుకు స్థిరపడిన పద్ధతులున్నాయి.

ఈ పరీక్షలో 65 ప్రశ్నలుంటాయి. వాటిలో 15కు మార్కులు లెక్కించరు. ఏవి ఆ 15 అన్నది అభ్యర్థికి తెలియదు. కొత్త ప్రశ్నలను వాడకంలోకి తెచ్చే ముందు ఇలా పరీక్షించి చూస్తారు. డంప్ చదివినవారు చాలాకాలంగా వాడుకలో ఉన్న ప్రశ్నల్లో దూసుకుపోయి, ఇంకా బయటికి రాని ప్రశ్నల్లో చతికిలబడతారు. నిజంగా విషయం తెలిసినవారిలో ఇంత తేడా ఉండదు. దానికితోడు ఒక్కో ప్రశ్న మీద ఎంతసేపు ఉన్నారో కంప్యూటర్‌లో నమోదవుతుంది. చదవడానికే నిమిషం పట్టే ప్రశ్నకు కొన్ని సెకన్లలో జవాబు పడితే అది కళ్ళకు కడుతుంది.

అన్నిటికన్నా బలమైన ఆనవాలు తప్పు జవాబులే. సరైన జవాబు వందమంది పెట్టడంలో వింత లేదు. కానీ ఒకరికొకరు తెలియని వందమంది, ఒకే ప్రశ్నల్లో, ఒకే తప్పు ఆప్షన్లు ఎంచుకుంటే వాళ్ళందరూ ఒకే కాగితం చదివారని అర్థం. డంప్‌లోని పాతబడిన జవాబు ఇలా రెండుసార్లు దెబ్బతీస్తుంది: మార్కు పోగొడుతుంది, చదివినవారిని గుర్తుపట్టిస్తుంది. ఒక్క సూచన చూసి ఎవరినీ దోషి అనడం న్యాయం కాదు. చురుగ్గా చదివేవారూ ఉంటారు. కానీ అలాంటివారు కొత్త ప్రశ్నల్లోనూ రాణిస్తారు కాబట్టి, ఇవన్నీ కలిపి చూసినప్పుడు తేడా తెలుస్తుంది.

పరీక్షకు ఒప్పుకునే నిబంధనల ప్రకారం ఏడబ్ల్యూఎస్ స్కోరును రద్దు చేయవచ్చు, ఇచ్చిన సర్టిఫికేషన్‌ను వెనక్కి తీసుకోవచ్చు, ఇకపై పరీక్షలు రాయకుండా నిషేధించవచ్చు. సర్టిఫికెట్ పీడీఎఫ్ మీ దగ్గరే ఉన్నా ఉపయోగం లేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవారు చూసేది ఆన్‌లైన్ వెరిఫికేషన్ లింకును. కంపెనీ ఏడబ్ల్యూఎస్ భాగస్వామి అయితే, ఎంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులున్నారన్న లెక్క మీద దాని స్థాయి ఆధారపడుతుంది. అందుకే ఇది మీ ఒక్కరితో పోయే నష్టం కాదు.

పరిష్కారం: మీరు ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి

పరీక్ష ఇంకా రాయకపోతే ఆ పీడీఎఫ్ తీసేయండి. సిద్ధంగా లేరనిపిస్తే, 24 గంటల ముందు వరకు తేదీ మార్చుకోవచ్చు. పరీక్ష తప్పితే 14 రోజులు ఆగి, పూర్తి ఫీజు మళ్ళీ కట్టి రాయాలి. ఆ 14 రోజులూ స్కోరు రిపోర్టులో బలహీనంగా ఉన్న విభాగానికి ఇవ్వండి, కొత్త డంప్ వెతకడానికి కాదు.

పరీక్ష రాసి వచ్చాక "ఏమేం వచ్చాయో గ్రూపులో పెట్టు తమ్ముడూ" అని సీనియర్లు, కోచింగ్ సెంటర్లు అడుగుతారు. పెట్టకండి. డంప్ ముట్టకుండా నిజాయితీగా పాసైనవారు కూడా ఇక్కడే చిక్కుకుంటారు. ప్రశ్నలు బయటపెట్టడం కూడా మీరు ఒప్పుకున్న నిబంధనలకు విరుద్ధమే.

మెయిలు వచ్చేసి ఉంటే, ముందు అది నిజంగా ఏడబ్ల్యూఎస్ నుంచే వచ్చిందో లేదో మీ సర్టిఫికేషన్ ఖాతాలోకి వెళ్ళి చూసుకోండి. వివరణకు అవకాశం ఇచ్చి ఉంటే చెప్పిన గడువులో, చెప్పిన దారిలోనే జవాబు రాయండి. మెటీరియల్ ఎవరిచ్చారో, ఎప్పుడు ఇచ్చారో, అవి అసలు ప్రశ్నలని మీకు తెలుసో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు డంప్ వాడకపోతే, ఎలా చదివారో చూపే కోర్సు రికార్డులు, ల్యాబ్ ఖాతా వివరాలు జతచేయండి. వేరే మెయిలుతో కొత్త ఖాతా తెరిచి మళ్ళీ పరీక్షకు వెళ్ళకండి, గుర్తింపు కార్డు దగ్గర దొరికిపోతారు. రద్దు ఖాయమైతే రెజ్యూమె నుంచీ లింక్డ్‌ఇన్ నుంచీ ఆ సర్టిఫికేషన్ తీసేసి, మేనేజర్‌కు ఆ విషయం మీ నోటితోనే, వెరిఫికేషన్ లింకు చెప్పేలోపే చెప్పండి.